అత్తయ్య కుక్కర్ నల్లబడింది, మూకుడు తుప్పు పట్టింది

"మాది కావలి. మావారు టీచరు. నడుం నొప్పితో అంట్లు తోమలేకపోతున్నానని హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయి డిష్‌వాషర్ కొనిచ్చాడు. మొదటి రెండు రోజులు కంచాలు, గ్లాసులు వేశాను, తళతళలాడుతూ వచ్చాయి. మూడో రోజు ధైర్యం చేసి మా అత్తయ్య గారి అయిదు లీటర్ల సత్తు కుక్కర్ మూతతో సహా, ఆవకాయ అంటిన మావారి స్టీలు టిఫిన్ బాక్సులు, బరువైన ఇనప మూకుడు, అన్నీ కలిపి పెట్టేశాను. బయటికి తీస్తే కుక్కర్ నల్లగా అయిపోయి చేతికి మసి అంటుతోంది. మూకుడంతా ఎర్రగా తుప్పు. బాక్సుల మీద గోధుమరంగు చుక్కలు. నేను గమనించకుండా ఆ రాత్రే కుక్కర్‌లో పప్పు వండేశాను, అందరం తిన్నాం. అత్తయ్యకి ఆ కుక్కర్ అంటే ప్రాణం, వారం నుంచి నాతో మాట్లాడటం లేదు. మావారేమో మిషన్ వెనక్కి పంపించేద్దాం అంటున్నారు. నాకు రోజూ టెన్షన్‌గా ఉంది. ఆ పప్పు తిన్నందుకు ప్రమాదమా? అసలు మన వంటింటి సామాన్లలో ఏవి అందులో పెట్టొచ్చు, ఏవి పెట్టకూడదు?"

ముందు పప్పు సంగతి చెప్తాను, మిమ్మల్ని ఎక్కువ తినేస్తున్నది అదే కాబట్టి. ఒక పూట తిన్నందుకు భయపడాల్సింది ఏమీ లేదు. సత్తు గిన్నెలో పులుసు కాచిన ప్రతిసారీ కొద్దిగా అల్యూమినియం కూరలోకి దిగుతూనే ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు దాన్ని బయటికి పంపించేస్తాయి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఆ కుక్కర్‌ని బాగుచేసేదాకా వాళ్ల వంటకు వాడకండి. ఆ మాటకొస్తే వాళ్లకి సత్తు గిన్నెల్లో పుల్లటివి వండటం ఎప్పుడూ మంచిది కాదు.

ఇక ఆ నలుపు. అల్యూమినియం గాలి తగలగానే తన ఒంటి మీద తానే ఒక సన్నని పొర కప్పుకుంటుంది. అది మన కంటికి కనపడదు, కానీ లోపలి లోహాన్ని నీళ్ల నుంచీ గాలి నుంచీ కాపాడేది అదే. పులుపు ఈ పొరని కొంచెం కొంచెంగా తింటుంది. క్షారం మాత్రం కరిగించేస్తుంది. డిష్‌వాషర్ పొడిలోనూ బిళ్లలోనూ ఎక్కువ భాగం ఉండేది మనం చాకలి సోడా అని పిలిచే పదార్థమే. సత్తు గిన్నెలో సోడా వేసి మరిగించకూడదని పాత తరం వాళ్లకి తెలుసు, మీ అత్తయ్య గారిని అడిగి చూడండి. మిషన్‌లో జరిగింది సరిగ్గా అదే. 60 డిగ్రీల పైన కాగిన సోడా నీళ్లు గంటకు పైగా కుక్కర్ మీద కొడుతూనే ఉన్నాయి. పొర కరిగిపోయింది, అడుగున ఉన్న లోహం నీళ్లతో కలిసి నల్లటి పూత తేలింది. చేతికి అంటుతున్న మసి అదే.

చేత్తో తోమే సబ్బుకీ దీనికీ పోలిక లేదు. సింకు దగ్గర వాడే సబ్బులో ఆ ఘాటు ఉంటే మన చేతులు ఒక్క రోజులో పగిలిపోతాయి. మిషన్‌లో చెయ్యి పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి అంత బలమైన మందు వాడతారు. అందుకే ముప్పై ఏళ్లు చేత్తో తోమినా ఏమీ కాని గిన్నె అందులో ఒక్క వాయికే పాడవుతుంది. మీరు అజాగ్రత్తగా ఏమీ చెయ్యలేదు. పెట్టె మీద ఇంత పెద్ద అక్షరాలతో రాయాల్సిన సంగతిని చిన్న పుస్తకం మధ్యలో ఎక్కడో రాస్తారు.

కుక్కర్‌ని తిరిగి దారికి తేవచ్చు. అందులో నల్లబడిన చోటు మునిగేదాకా నీళ్లు పోసి, రెండు నిమ్మకాయలు పిండి, ఆ తొక్కలు కూడా అందులోనే వెయ్యండి. నిమ్మకాయలు లేకపోతే పెద్ద నిమ్మకాయంత చింతపండు వేసినా సరిపోతుంది. మూత పెట్టకుండా పదిహేను నిమిషాలు మరగనివ్వండి. చల్లారాక ఆ నీళ్లు పారబోసి కొబ్బరి పీచుతో రుద్దండి. బయటి వైపు మరిగించలేం కాబట్టి, ఇత్తడి బిందెకు రుద్దినట్టే చింతపండు పిప్పితో రుద్దాలి. తర్వాత తెల్ల గుడ్డ తడిపి లోపల గట్టిగా తుడిచి చూడండి. గుడ్డకు నల్లగా అంటుతుంటే మళ్లీ ఒకసారి, అవసరమైతే మూడోసారి కూడా మరిగించండి. గుడ్డ తెల్లగా వచ్చాక ఒక వాయి ఉత్త నీళ్లు కాచి పారబోసి, అప్పుడు వంటకి తీసుకోండి. పాత మెరుపంతా రాకపోవచ్చు, అక్కడక్కడా బూడిద రంగు ఛాయ మిగిలితే అది రంగు మాత్రమే. కానీ గోటితో తడిమితే చిన్న చిన్న గుంటలు తగులుతున్నాయా, ముఖ్యంగా మూత కూర్చునే అంచు గరుకుగా ఉందా అని చూడండి. అంచు గరుకైతే గాస్కెట్ సరిగ్గా కూర్చోదు, ఆవిరి పక్కలనుంచి పోతుంది. అప్పుడు దాన్ని ప్రెషర్‌కి కాకుండా ఉత్త గిన్నెలా వాడుకోవాల్సిందే.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టింది ఆ నలుపు కాదు, 'మూతతో సహా' అన్న మాట. మూతలో ఆవిరి పైకి వచ్చే సన్నని గొట్టం ఉంటుంది, దాని మీదే మనం విజిల్ పెడతాం. మిషన్‌లో తిరిగే నీళ్లు మిగతా గిన్నెల మెతుకుల్ని, టమాటా తొక్కల్ని, కరివేపాకు ముక్కల్ని మోసుకుని తిరుగుతాయి. వాటిలో ఒకటి ఆ గొట్టంలో ఇరుక్కుంటే మన కంటికి కనపడదు. పక్కనే సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. చాలా కుక్కర్లలో దాని మధ్యలో తక్కువ వేడికే కరిగే లోహపు బిళ్ల ఉంటుంది. కుక్కర్‌లో నీళ్లు ఇంకిపోయినా, గొట్టం మూసుకుపోయినా, లోపల వేడి హద్దు దాటినప్పుడు ఆ బిళ్ల కరిగి ఆవిరికి దారి ఇవ్వాలి. సోడా నీళ్లలో నానిన వాల్వ్ సమయానికి పని చేస్తుందని నేను నమ్మను. అది పని చెయ్యాల్సింది ప్రమాదం వచ్చిన రోజున కాబట్టి ముందుగా తెలుసుకునే దారి కూడా లేదు.

కాబట్టి ఇవాళే మూడు పనులు చెయ్యండి. మూతని దీపం వైపు ఎత్తి పట్టుకుని గొట్టంలోంచి చూడండి, వెలుతురు గుండ్రంగా కనపడాలి. కనపడకపోతే సన్నని చీపురు పుల్లతో పొడిచి, కుళాయి కింద నీళ్లు దాటించండి. రెండోది, సేఫ్టీ వాల్వ్, గాస్కెట్ రెండూ కొత్తవి వెయ్యండి. అదే కంపెనీవి, అదే లీటర్లవి అడిగి తీసుకోండి. కొంచెం తేడా ఉన్నా సరిపోతుందిలే అని కొట్టతను ఇచ్చేవి వద్దు. గాస్కెట్‌ని లాగి వంచినప్పుడు సన్నగా చీలికలు కనిపించినా, వదిలాక పాత గుండ్రానికి రాకపోయినా దాని పని అయిపోయినట్టే. మూడోది, కొత్తవి వేశాక ఒక గ్లాసున్నర నీళ్లు పోసి ఖాళీ కుక్కర్ పెట్టి చూడండి. ఆవిరి విజిల్ దగ్గరే రావాలి. చాలాసేపైనా విజిల్ రాకపోతే, పక్కల నుంచీ ఆవిరి రాకపోతే, స్టవ్ ఆపేసి దూరంగా నిలబడి చల్లారనివ్వండి. విజిల్ లాగి చూడొద్దు.

మీరు రేపు స్టీలు కుక్కర్ కొన్నా ఈ మూత సంగతి మారదు. స్టీలు కుక్కర్ గిన్నెని మిషన్‌లో నిశ్చింతగా పెట్టొచ్చు. మూతని మాత్రం, పుస్తకంలో పెట్టొచ్చని రాసి ఉన్నా, నేను చేత్తోనే కడుగుతాను. గాస్కెట్, విజిల్, వాల్వ్ మూడూ మిషన్‌కి వెళ్లకూడదు. ఒకవేళ మూత పెట్టాలనుకుంటే ఆ మూడూ విప్పేసి పెట్టి, తీశాక గొట్టంలోంచి చూసే పని మానకండి. నల్లటి పిడి ఉంటే అది బేకలైట్. పది ఇరవై వాయిల తర్వాత తెల్లగా పాలిపోతుంది, పిడిని పట్టుకున్న మర తుప్పు పట్టి వదులవుతుంది. నిండా పప్పు ఉన్న కుక్కర్‌ని దింపేటప్పుడు ఆ పిడి ఊగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇంకొకటి చాలామంది మరచిపోతారు. కుక్కర్ అడుగున గిన్నెల కింద పెట్టే చిల్లుల బిళ్ల ఉంటుంది కదా, స్టీలు కుక్కర్‌తో వచ్చేది కూడా చాలాసార్లు సత్తుదే. కుక్కర్ స్టీలే కదా అని అది కూడా లోపలే ఉంచి పెట్టేస్తే ఆ చిన్న బిళ్ల నల్లబడిపోతుంది.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్నకి వస్తాను. ఏ వస్తువు పెట్టొచ్చు అని వస్తువు పేరు పెట్టి అడిగితే జవాబు దొరకదు. బాక్సు అన్నా, కుక్కర్ అన్నా, కడాయి అన్నా వాటిలో రెండు మూడు రకాల లోహాలు ఉంటాయి. అడగాల్సింది ఒక్కటే, నీళ్లు తగిలే చోట ఏ లోహం ఉంది అని. సత్తు, ఇండాలియం, పైన నల్లటి గట్టి పూత ఉండే హార్డ్ అనోడైజ్డ్ గిన్నెలు, ఇవన్నీ అల్యూమినియమే. హార్డ్ అనోడైజ్డ్ అంటే ఇందాక చెప్పిన ఆ పొరనే ఫ్యాక్టరీలో మందంగా కట్టించడం. పొర మందంగా ఉంటే సోడాకి తట్టుకుంటుందని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. మా ఇంట్లో మంచి కడాయిని వారానికి రెండుసార్లు పెట్టేదాన్ని. నెల తిరిగేసరికి దాని మీద తెల్లటి మచ్చలు తేలాయి, ఆ తర్వాత అవి ఎంత రుద్దినా పోలేదు. పొర మందంగా ఉంటే ఎక్కువ రోజులు పడుతుంది, అంతే.

మీ ఇనప మూకుడుది వేరే కథ. దాన్ని కాపాడేది ఏళ్ల తరబడి నూనె కాగి కాగి పట్టిన నల్లటి నునుపు. నూనె జిడ్డుని కరిగించటమే డిష్‌వాషర్ మందు పని, అది మూకుడు నునుపుని జిడ్డనే అనుకుంటుంది. నునుపు పోయిన ఇనుము వేడి ఆవిరిలో గంటసేపు తడిగా ఉంటే తుప్పు పట్టక ఏం చేస్తుంది? దీన్ని బాగుచెయ్యడం కుక్కర్ కన్నా తేలిక. ఉప్పు, కొబ్బరి పీచు వేసి తుప్పు పోయేదాకా రుద్ది, కడిగి, వెంటనే స్టవ్ మీద పెట్టి తడి పూర్తిగా ఆరనివ్వండి. వేడిగా ఉన్నప్పుడే గుడ్డతో నూనె రాసి, మళ్లీ పొడి గుడ్డతో దాదాపు అంతా తుడిచేయండి. నూనె ఎక్కువ ఉంటే జిగటగా మిగిలిపోతుంది. పొగ వచ్చేదాకా కాచి చల్లార్చండి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే మూకుడు మళ్లీ నల్లగా వస్తుంది. తర్వాత వారం పాటు అందులో గారెలో, బంగాళదుంప వేపుడో, నూనె ఎక్కువ పట్టేవి చెయ్యండి. టమాటా, చింతపండు పడే కూరలు కొన్నాళ్లు వద్దు.

బరువైన స్టీలు కడాయిలు కొనాలని ఉంటే కొనేముందే అంచు చూసుకోండి. ట్రైప్లై అని అమ్మే కడాయిల్లో రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం ఉంటుంది. పైన అంచుని పక్కనుంచి చూస్తే కొన్నిటిలో ఆ మధ్య గీత కొంచెం వేరే రంగులో బయటికి కనపడుతుంది. అలాంటిదాన్ని మిషన్‌లో పెడితే లోపలి కడాయికి ఏమీ కాదు, వంటకీ ఏమీ కాదు. కానీ ఏడాది రెండేళ్లలో మధ్యలోని అల్యూమినియం కొంచెం కొంచెంగా కరిగి వెనక్కి పోతుంది, రెండు వైపులా స్టీలు అంచులు బ్లేడులా మిగులుతాయి. వేలు తెగేది అక్కడే. అంచుని లోపలికి మడిచి మూసేసిన కడాయిలూ ఉన్నాయి, అవి మేలు. అడుగున మాత్రమే మందపు బిళ్ల అతికించిన గిన్నెల్లోనూ ఇదే చూడాలి. ఆ బిళ్లని చుట్టూ స్టీలుతో కప్పి ఉంటే పెట్టొచ్చు. బిళ్ల పక్కన తెల్లటి లోహం పట్టీలా కనపడుతుంటే అది అల్యూమినియం, చేత్తో కడగండి. రాగి అడుగు అయితే మిషన్‌లో రంగు చెడుతుంది, ఇత్తడీ అంతే.

ఇక మీవారి బాక్సులు. ఆ గోధుమ చుక్కలు బాక్సుల తప్పు కాదని నా అనుమానం. అవి మీ మూకుడివి. మూకుడు నుంచి ఊడిన తుప్పు రేణువులు నీళ్లతో పాటు తిరిగి, పక్కనున్న స్టీలు మీద అతుక్కుని చుక్కలు పడతాయి. నిజమా కాదా అని మీరే తేల్చుకోవచ్చు. నిమ్మ చెక్కతో రుద్ది కడిగేయండి. చుక్క పోయి, అడుగున స్టీలు నున్నగా ఉంటే అది పైనుంచి వచ్చిన తుప్పు, బాక్సు బాగానే ఉంది. ఇక ఇనుము లేని వాయిల్లో నాలుగైదు సార్లు పెట్టి చూడండి. అదే చోట మళ్లీ చుక్క వస్తే, గోటికి చిన్న గుంత తగిలితే, అప్పుడు తుప్పు ఆ స్టీలుదే.

స్టీలుకి తుప్పేమిటి అంటారేమో. స్టెయిన్‌లెస్ స్టీలుని కాపాడేది అందులోని క్రోమియం కట్టే పొర. క్షారం దాన్ని ఏమీ చెయ్యలేదు, అందుకే స్టీలు మిషన్‌కి సరిపోతుంది. దానికి పడనిది ఉప్పు. పొద్దున ఆవకాయ పెట్టుకెళ్లిన బాక్సుని సాయంత్రం తెచ్చి మిషన్‌లో పెట్టి, నిండలేదని రేపటిదాకా ఆపితే, ఉప్పు, పులుపు కలిసి రాత్రంతా ఒకే చోట కూర్చుంటాయి. అక్కడే పొర తెగుతుంది. స్టీలు నాణ్యత బట్టి కూడా ఇది మారుతుంది. అడుగున 18/8 అని గానీ 304 అని గానీ గుద్ది ఉంటే అందులో నికెల్ సుమారు 8 శాతం ఉంటుంది, అది బాగా తట్టుకుంటుంది. చవక రకాల్లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, అవి ఉప్పుకి త్వరగా లొంగుతాయి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని కొట్లో చెప్తారు, అది సగం నిజమే. గట్టిగా అంటుకుంటే అందులో నికెల్ దాదాపు లేదని అనుకోవచ్చు. కానీ మాంగనీసు కలిపిన చవక రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు, కాబట్టి అంటుకోనంత మాత్రాన మంచిదని నమ్మకండి. మీ బాక్సులు చవక రకమైనా పారెయ్యక్కర్లేదు. ఆవకాయ, నిమ్మకాయ ఊరగాయ, చేపల పులుసు పెట్టిన బాక్సుని ఇంటికి రాగానే ఒకసారి కుళాయి కింద తొలిచి మిషన్‌లో పెట్టండి. ఆ అర నిమిషం పనితో చుక్కలు చాలావరకు ఆగిపోతాయి. చేప ముల్లులు కూడా అప్పుడే తీసెయ్యండి, అవి అడుగు జల్లెడలో పడితే మిషన్ నీళ్లు తోడలేక ఆగుతుంది.

బాక్సు మూతలో రబ్బరో సిలికానో రింగు ఉంటే ప్రతిసారీ విప్పి విడిగా కడగండి. దాని కింద గాడిలో మడ్డి చేరుతుంది, మిషన్ నీళ్లు అక్కడికి పోవు, రెండు వారాల్లో వాసన మొదలవుతుంది. మూత ప్లాస్టిక్ అయితే పై అరలో పెట్టాలి. అడుగు అరలో పెడితే కింద ఉండే వేడి తీగ దగ్గర వంకర పోవచ్చు. బయట ప్లాస్టిక్, లోపల స్టీలు ఉన్న వేడి నిలిపే బాక్సులు, ఫ్లాస్కు లాంటి డబ్బాలు అసలు వద్దు. రెండు గోడల మధ్యకి నీళ్లు దిగితే తిరిగి బయటికి రావు, కదిపితే గలగలమంటాయి, తర్వాత అవి వేడి కూడా నిలపవు. ఒకదాని మీద ఒకటి పెట్టే పాతకాలపు క్యారేజీ గిన్నెల్ని పెట్టొచ్చు, వాటిని పట్టుకునే చట్రాన్ని మాత్రం చేత్తో తుడవండి. దాని రివెట్లు ఇనపవి అయితే తుప్పు అక్కడే మొదలవుతుంది. పెళ్లిలో పేరు కొట్టించిన గిన్నెలకి ఏమీ కాదు, ఆ చుక్కల పేరు ఎన్ని వాయిలైనా అలాగే ఉంటుంది. కొత్త బాక్సుల మీద కాగితం లేబుల్ ఉంటే ముందే ఊడదియ్యండి.

మీ ఊరి నీళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మీ ఇంట్లో బోరు నీళ్లు వాడుతున్నారని అనుకుంటున్నాను. మన కోస్తా వైపు బోర్లలో చాలాచోట్ల నీళ్లు కఠినంగా, కొంచెం ఉప్పగా ఉంటాయి. తాగే నీళ్లకి మన ప్రభుత్వ ప్రమాణం లీటరుకి 200 మిల్లీగ్రాముల కఠినత్వం దాకా మంచిదంటుంది, వేరే నీళ్లు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. మిషన్ లోపల నీళ్లని మెత్తబరిచే అర ఉంటుంది. దాన్ని మీ నీళ్లకి తగినట్టు ఒక అంకె దగ్గర పెట్టాలి. బిగించడానికి వచ్చినతను అది చేశాడో లేదో అడగండి, చెయ్యకపోతే మళ్లీ పిలిపించండి. అందులో పోసే ఉప్పు డిష్‌వాషర్ ఉప్పే అయి ఉండాలి, వంటింటి ఉప్పు కాదు. పోసేటప్పుడు రాళ్లు చుట్టుపక్కల పడితే తుడిచేసి, వెంటనే ఒక వాయి నడపండి. రాత్రంతా ఆ ఉప్పు నీళ్లు అడుగున నిలిస్తే మిషన్ లోపలి స్టీలుకే తుప్పు చుక్కలు వస్తాయి. బాక్సుల మీద తెల్లటి పొడి కనపడి, నిమ్మరసంతో పోతే అది సున్నమే, దాంతో భయం లేదు, మెత్తబరిచే అంకె పెంచితే తగ్గుతుంది.

ఇప్పుడు ఇంటి సంగతి. మీ ముందు మూడు దార్లు ఉన్నాయి.

మీవారన్నట్టు మిషన్ వెనక్కి పంపడం మొదటిది. ఇంట్లో గొడవ ఆ పూటకి సద్దుమణుగుతుంది. కానీ మీ నడుం నొప్పి అలాగే ఉంటుంది, అబ్బాయి మనసు కూడా కష్టపడుతుంది. పైగా వాడేసిన మిషన్‌ని చాలాచోట్ల పూర్తి డబ్బుకి వెనక్కి తీసుకోరు. కాబట్టి ముందు ఆ సంగతి అడిగి తెలుసుకోకుండా మీరు నిర్ణయం తీసుకోవద్దు.

రెండోది, మిషన్ ఉంచుకుని కుక్కర్, మూకుడు, మూత ఇలాంటి నాలుగు వస్తువులు చేత్తో కడగడం. నా మొగ్గు దీనికే. మీ ఇంట్లో ఒక రోజు అంట్లు లెక్కపెట్టి చూడండి. కంచాలు, గ్లాసులు, స్టీలు గిన్నెలు, గరిటెలు, బాక్సులు కలిపి ముప్పై దాకా ఉంటాయి, అవన్నీ మిషన్‌కి సరే. చేతికి మిగిలేవి నాలుగో అయిదో. ఆ నాలుగూ సింకు దగ్గర నిలబడి కడుక్కోవచ్చు, వంగక్కర్లేదు. దీంట్లో ఒక ఇబ్బంది ఉంది. ఇంట్లో ఇంకెవరైనా మీకు సాయం చెయ్యబోయి మళ్లీ కుక్కర్ని లోపల పెట్టేస్తారు. అలా జరక్కుండా, చేత్తో కడిగేవాటికి వేరే గూడు కేటాయించండి. మిషన్ పక్కన ఎప్పుడూ పెట్టకండి.

మూడోది, స్టీలు కుక్కర్ ఒకటి కొనుక్కోవడం. మిషన్‌కి హాయి. కానీ స్టీలు వేడిని సత్తులా సమంగా పంచదు, మంట పెంచితే పప్పు అడుగంటుతుంది, వాటి బరువు కూడా ఎక్కువ. మీ నడుముకి ఆ బరువు సరిపోతుందో లేదో కొట్లో ఒకసారి ఎత్తి చూసుకుని కొనండి.

అయితే ఏ దారి పట్టినా, మీ అత్తయ్య గారి కుక్కర్‌కి బదులుగా కొత్తది తెచ్చి ఆమె ముందు పెట్టవద్దు. ఆమెకి పోయింది కుక్కర్ కాదు కదా, ఏళ్లుగా ఆమె చేతి కింద ఉన్న వస్తువుని అడగకుండా ఎవరో తీసి పాడుచేశారన్న బాధ. ఆ బాధ కొత్త కుక్కర్‌తో తీరదు. 'అత్తయ్యా, మిమ్మల్ని అడక్కుండా పెట్టాను, నాకు తెలియలేదు' అని ఒక్కసారి చెప్పండి, రెండోసారి వద్దు. తర్వాత చింతపండు ఎంత వెయ్యాలి అని ఆమెనే అడగండి. ఇత్తడి సామాను పులుసుతో తోమిన చేతులవి, ఆ పని మీకన్నా నాకన్నా ఆమెకే బాగా తెలుసు. కుక్కర్ మరుగుతున్న పదిహేను నిమిషాలూ మీరిద్దరూ అక్కడే ఉంటారు. తెల్ల గుడ్డతో తుడిచి చూసే పని ఆమెకే ఇవ్వండి. గుడ్డ ఇంకా నల్లబడుతుంటే రెండో వాయి పెట్టాలో చాలో ఆమే చెప్తారు. కొత్త వాల్వ్, గాస్కెట్ తెచ్చేటప్పుడు పాత మూతని కూడా వెంట తీసుకెళ్లండి, కొలత తప్పకుండా దొరుకుతాయి.